మా పెద్దమ్మాయి పెళ్ళయ్యాక బంధువులకు రాసిన రెండు ఉత్తరాలు: నా అనుభవం

మా పెద్దమ్మాయి పెళ్ళి 2025 ఫిబ్రవరి 14, శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం అనగా, తణుకులో జరిగింది. పెళ్ళివారు ఖమ్మం నుంచి వచ్చారు. పెళ్ళి గురించి ఇక్కడ నేను రాయడం లేదు. పెళ్ళయ్యాక బంధువులకు కృతజ్ఞతలు చెప్పడానికి నేను పంపిన ఒక సందేశం, అది తెచ్చిన నిష్ఠూరం, దాన్ని తిరగరాయడానికి పట్టిన పదకొండు రోజులు, వీటి గురించే రాస్తున్నాను. ఇలాంటిది రాయబోయే తండ్రులకు పనికొస్తుందేమోనని తేదీలతో సహా ఇస్తున్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం సాయంత్రం 7:40కి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన మొదటి సందేశం ఇది. పేర్లు మాత్రం తీసేశాను.

«శ్రీరస్తు. శుభమస్తు. మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ. వివాహ మహోత్సవమునకు తమ అమూల్యమైన సమయమును వెచ్చించి, సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, నూతన వధూవరులను ఆశీర్వదించి, మా ఆతిథ్యమును స్వీకరించి, మా కుటుంబమునకు ఆనందము కలిగించిన బంధుమిత్రులందరికీ పేరుపేరునా మా హృదయపూర్వక కృతజ్ఞతాభివందనములు. లోటుపాట్లు ఏవైనా యున్న యెడల పెద్ద మనసుతో మన్నించగలరని ప్రార్థన.»

ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో సర్క్యులర్లు, మెమోలు రాసినవాణ్ణి. ఈ సందేశం రాయడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. రాసినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా. మూడు గంటల్లో నలభై ఒక్క నమస్కారం బొమ్మలు వచ్చాయి. మాటలతో జవాబిచ్చింది ఒక్కరే, ఆయన కూడా «శుభం» అని రాశారు.

మర్నాడు ఉదయం ఏడు గంటలకు భీమవరం నుంచి మా అక్క ఫోన్ చేసింది. ఏమీ ఉపోద్ఘాతం లేకుండా, «నేను విచ్చేశానా రా?» అని అడిగింది. నాకు అర్థం కాలేదు. «నాలుగు రోజులు ముందొచ్చి పసుపు దంచాను, సున్నుండలు చుట్టాను, సారె సామాన్ల గదికి అడ్డంగా పడుకున్నాను. నేను మీ ఆతిథ్యం స్వీకరించానా? ఏ పరాయివాళ్ళకు రాశావురా అది?» అంది. గ్రూపు మొత్తానికి కలిపి రాశానని చెప్పబోయాను. «అయితే గ్రూపులో నన్నెందుకు ఉంచావు?» అని పెట్టేసింది.

ఆ రోజంతా నాకు కోపంగానే ఉంది. ఇంత ఖర్చు చేసి, ఇంత తిరిగి, చివరికి మర్యాదగా ఒక మాట రాస్తే దానికి కూడా తప్పు పట్టారన్నది నా బాధ. సాయంత్రం మా రెండో అమ్మాయి ఆ సందేశాన్ని పైకి చదివింది. చదవడం పూర్తయ్యాక, «నాన్నా, ఇందులో అక్క పేరు తీసేసి ఇంకో పెళ్ళికూతురి పేరు పెడితే ఏం మారుతుంది?» అని అడిగింది. ఏమీ మారదని నాకు వెంటనే తెలిసింది. కానీ ఒప్పుకోవడానికి రాత్రి దాకా పట్టింది.

తీసేద్దామా అన్న ఆలోచన 19వ తేదీన వచ్చింది. పంపిన సందేశాన్ని సరిదిద్దుకోవడానికి వాట్సాప్ పదిహేను నిమిషాలే సమయం ఇస్తుంది, అది ఎప్పుడో అయిపోయింది. అందరి ఫోన్లలోంచి తొలగించడానికి మాత్రం రెండున్నర రోజులు వెసులుబాటు ఉంటుంది. అంటే గురువారం ఉదయం దాకా నాకు గడువు ఉంది. అయితే తొలగిస్తే ఆ స్థానంలో «తొలగించబడింది» అన్న మాట మిగిలిపోతుంది. దాన్ని చూసి ఎవరికి ఏం జరిగిందో అని నలభై ఫోన్లు వస్తాయని మా ఆవిడ అంది. నిజమే అనిపించి అలాగే వదిలేశాను. కొత్తది రాయాలి, అది పదహారు రోజుల పండుగకు ముందే అందాలి అని నిర్ణయించుకున్నాం. ఆ పండుగ మార్చి 2, ఆదివారం.

కొత్తది రాయడానికి చదివింపుల పుస్తకం తీసి కూర్చున్నాను. ఎవరెవరు వచ్చారో అందులో ఉంటుంది కదా అని నా ఆలోచన. ఊరు, పేరు, ఎదురుగా 116, 516, 1116. పేజీలు తిప్పుతుంటే ఒక విషయం బయటపడింది. మా అక్క పేరు అందులో లేదు. మా బావమరిది పేరు లేదు. మా తమ్ముడి పేరూ లేదు. పెళ్ళి ఎవరి చేతుల మీద నడిచిందో వాళ్ళెవరూ ఆ పుస్తకంలో లేరు, ఎందుకంటే వాళ్ళు ఇచ్చింది కవర్లో పెట్టి ఇచ్చేది కాదు. నా మొదటి సందేశం ఈ పుస్తకంలో ఉన్నవాళ్ళకు సరిగ్గా సరిపోతుంది. పుస్తకంలో లేనివాళ్ళకే అది తగిలింది.

అందుకని 21, 22 తేదీల్లో రెండు సాయంత్రాలు మా ఆవిడా నేనూ కూర్చుని ఇంకో నోటుపుస్తకం రాశాం. ముప్పై రూపాయల పుస్తకం. ఇందులో డబ్బు లేదు, ఎవరు ఏం చేశారన్నదే ఉంది. మొదట పది పేర్లు వస్తాయనుకున్నాను. ముప్పై ఏడు వచ్చాయి. నాకు తెలియనివి సగం పైన ఉన్నాయి. పెళ్ళికూతుర్ని గౌరీపూజ దగ్గర నుంచి బుట్టలో మోసుకొచ్చిన మా బావమరిదికి ఆ వారమే మోకాలి నొప్పికి ఇంజెక్షన్ వేయించారని మా ఆవిడ చెబితే తెలిసింది. మా అమ్మ పోయి ఇరవై రెండేళ్ళు. ఆవిడ పట్టుచీర ఒకటి పిన్ని తన బీరువాలో దాచి ఉంచిందనీ, దాన్ని తెచ్చి గౌరీపూజకు కూర్చున్న అమ్మాయి ఒళ్ళో పెట్టిందనీ కూడా అప్పుడే విన్నాను. ఆ సమయంలో నేను వంటశాలలో ఉన్నాను. ఒక తండ్రి కూతురి పెళ్ళిలో చూసేది నిజంగా ఎంత తక్కువో ఆ నోటుపుస్తకం చూశాక అర్థమయింది. ఈ పని చేయకుండా ఎవరూ రాయడానికి కూర్చోవద్దని మాత్రం గట్టిగా చెప్పగలను.

23న రాసిన రెండో ప్రతి మొదటిదానికంటే ఘోరంగా వచ్చింది. ఆఫీసు భాష వద్దనుకున్నాను కదా, ఏడుపు భాషలోకి వెళ్ళిపోయాను. గుండె బరువెక్కిందని, కన్నీళ్ళు ధారగా కారాయని, ఇల్లు బోసిపోయిందని మూడు పేజీలు నింపి, మధ్యలో ముప్పై ఏడు పేర్లూ ఇరికించాను. చేత్తో రాయడం కష్టమనిపించి ఫోన్లో మాట్లాడి టైపు చేయిస్తే «అప్పగింతలు» అన్నచోట ప్రతిసారీ «అప్పు గింతలు» అని పడింది. మా ఆవిడ అది చదివి తప్పు దిద్దనవసరం లేదంది, ఆ అప్పుల సంగతి ఎలాగూ నిజమే కదా అని.

తర్వాత ఆవిడ ఇంకో మాట అడిగింది. «కన్నీళ్ళు ధారగా ఎప్పుడు కారాయి? బస్సు కదిలేటప్పుడు మీరు అక్కడ లేరు కదా. జనరేటర్ అతనితో లెక్క చూస్తున్నారు.»

నేను జవాబు చెప్పలేదు. ఆవిడకు కూడా తెలియని సంగతి ఒకటి అందులో ఉంది. కొత్త ఉత్తరం దానితోనే మొదలవాలని అప్పుడే అనిపించింది, కానీ రాయడానికి ఇంకో మూడు రోజులు ధైర్యం చాలలేదు.

ఈ మూడు రోజుల్లో నేను చేసిన పని మాటలు ఏరుకోవడం. మొదటి సందేశం కాగితం మీద రాసుకుని, మా మధ్య దూరం పెంచే మాటలకు కింద గీత పెట్టాను. «విచ్చేసి», «తమ», «స్వీకరించి», «మన్నించగలరని» ఇవన్నీ సులువుగానే దొరికాయి. నా కంటికి ఆలస్యంగా ఆనింది «మా» అన్న చిన్న మాట. ఆ నాలుగైదు వాక్యాల్లో మా పుత్రిక, మా ఆతిథ్యము, మా కుటుంబము, మా కృతజ్ఞతలు అని నాలుగుసార్లు రాశాను. «మన» ఒక్కసారి కూడా లేదు. మన భాషలో ఈ రెండూ వేరు. «మా» అన్నామంటే వింటున్నవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టినట్టే, «మన» అంటే లోపలికి పిలిచినట్టు. పసుపు దంచిన అక్కతో «మా కుటుంబమునకు ఆనందము కలిగించినందుకు» అంటే ఆవిడ ఆ కుటుంబంలో లేదని చెప్పినట్టే కదా. ఆవిడకు వ్యాకరణం తెలియకపోవచ్చు, తగలాల్సిన చోట మాత్రం తగిలింది.

«కృతజ్ఞతలు» అన్న మాటను ఏం చేయాలన్నది అంతకన్నా పెద్ద చిక్కు. దాన్ని «ధన్యవాదాలు» అని మార్చినా, «థ్యాంక్స్» అని మార్చినా మా ఇళ్ళలో ఒకటే. సొంతవాళ్ళకు ఆ మాట చెబితే బాకీ తీర్చి చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది. చివరికి ఆ మాటను పూర్తిగా తీసేసి, వాళ్ళు చేసింది నేను చూశానని మాత్రం రాయాలనుకున్నాను. చూశానని చెప్పడం మా వాళ్ళకు సరిపోతుంది.

పేర్ల సంగతి కూడా తేలాలి. ముప్పై ఏడు పేర్లు రాస్తే ముప్పై ఎనిమిదో మనిషితో జన్మంతా మాటలుండవు. అందుకని గ్రూపులో పెట్టేదాంట్లో పనులు చెప్పి పేర్లు మానేయాలని, విడిగా చెప్పుకోవలసిన పద్నాలుగు మందికి వేరుగా రాయాలని నిర్ణయించాను. వియ్యాలవారికి మాత్రం భాష మార్చలేదు. కొత్త చుట్టరికంలో ఆ మర్యాద ఉండాలి. వాళ్ళకు రాసినదాంట్లో మొదటి సందేశం దాదాపు అలాగే ఉంచి, చివర «ఇక ఇది మన అమ్మాయి» అని ఒక్క వాక్యం చేర్చాను.

ఫిబ్రవరి 26 శివరాత్రి. ఇంట్లో అందరూ జాగారం చేస్తున్నారు. గుడి మైకు వినిపిస్తుంటే రాత్రి పదకొండు నుంచి రెండున్నర దాకా కూర్చుని రాశాను. 27న పంపుదామంటే «అమావాస్య పూట వద్దు» అని మా ఆవిడ ఆపింది. 28, శుక్రవారం రాత్రి 8:10కి పంపాను. ఫోన్లో పెద్ద సందేశమంతా ఒకేసారి కనిపించదు, పైన కొన్ని వాక్యాలే కనబడి మిగతాది చదవాలంటే నొక్కాలి. ఆ పై వాక్యాల్లో శ్రీరస్తు, శుభమస్తు ఉంటే నొక్కేవాళ్ళు తక్కువ అని చిన్నమ్మాయి చెప్పింది. అందుకే ఇది నేరుగా మొదలయింది.

«బుజ్జి ఎక్కిన బస్సు కదిలేటప్పుడు నేను అక్కడ లేను. జనరేటర్ అతనితో లెక్క చూస్తున్నానని అందరికీ చెప్పాను. లెక్క అప్పటికే అయిపోయింది, అతను వెళ్ళిపోయాడు కూడా. బస్సు చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా నేను ఆ జనరేటర్ పక్కనే నిలబడ్డాను. అది కిటికీలోంచి నా కోసం చూసిందట. ‘నాన్న లోపల పనిలో ఉన్నాడమ్మా, నేనున్నానుగా’ అని మీలో ఎవరో కిటికీ పట్టుకుని నిలబడ్డారట. ఎవరో నాకింకా తెలియలేదు.

మన పిల్ల పెళ్ళిలో నేను చూడనివి చాలా ఉన్నాయి. మీరు వెళ్ళాక ఒక్కొక్కటే తెలుస్తున్నాయి. నాలుగు రోజులు ముందొచ్చి పసుపు దంచి, సారె గదికి అడ్డంగా పడుకున్నవాళ్ళు, బుట్ట దించేదాకా మోకాలి నొప్పి మాట ఎత్తనివాళ్ళు, పెళ్ళివారి బస్సు దారి తప్పితే రాత్రి స్కూటర్ మీద హైవే ఎక్కి వెతికి తెచ్చినవాళ్ళు, రెండు బస్సులు మారి వచ్చి, 116 చదివించి, పేరు రాయొద్దని వెళ్ళినవాళ్ళు, అమ్మ చీర ఇరవై రెండేళ్ళు దాచి తెచ్చినవాళ్ళు. పేర్లు రాయడం లేదు. ఎవరో మనకు తెలుసు. రాస్తే ఒక పేరు మర్చిపోతానని భయం కూడా.

రెండో బంతిలో బూరెలు అయిపోయాయి. తప్పు నాదే, వంట మేస్త్రీ ఇంకో రెండు వందలు వేయిద్దామంటే నేనే వద్దన్నాను. వడ్డించేవాళ్ళు ఇబ్బంది పడకుండా, షుగరని చెప్పి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళను నేను చూశాను. వాళ్ళలో ఇద్దరికి షుగరు లేదు.

ఆదివారం పదహారు రోజుల పండుగ. పిల్లలిద్దరూ శనివారం సాయంత్రానికి వస్తున్నారు. మీరూ రండి. ఈసారి బూరెలు నేను లెక్క చూడను.

బుజ్జి వాళ్ళ నాన్న»

పంపాక ఫోను బల్ల మీద బోర్లా పెట్టి బయట అరుగు మీద కూర్చున్నాను. జనరేటర్ సంగతి అందరికీ చెప్పేశాక సిగ్గేసింది. ఇరవై నిమిషాలు ఎవరూ ఏమీ రాయలేదు, నమస్కారం బొమ్మ కూడా రాలేదు. మొదటి సందేశానికి అంతసేపట్లో పదిహేను వచ్చాయి. తప్పు చేశాననుకున్నాను. ఆ తర్వాత ఫోను మోగడం మొదలై పదకొండు దాకా ఆగలేదు. రాసినవాళ్ళు తక్కువ, ఫోన్ చేసినవాళ్ళే ఎక్కువ. కిటికీ పట్టుకుని నిలబడింది మా తమ్ముడి భార్య అని తెలిసింది. ఈ పధ్నాలుగు రోజుల్లో ఆవిడ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మా బావమరిది ఫోన్ చేసి, మోకాలి విషయం ఎవరు చెప్పారని వాళ్ళ అక్క మీద కేకలేశాడు. తర్వాత చాలాసేపు ఫోన్ పెట్టలేదు, ఏమీ మాట్లాడనూ లేదు.

పేర్లు రాయకపోయినా నిష్ఠూరం తప్పలేదు. హైవే మీదికి స్కూటర్ వేసుకుని వెళ్ళింది మా పెదనాన్నగారి మనవడు ఒక్కడే అని నా నోటుపుస్తకంలో ఉంది. అతనికంటే ముందు ఇంకొకాయన వెళ్ళి, బస్సు కనబడక రెండు గంటలు చలిలో టోల్ గేటు దగ్గర నిలబడి తిరిగొచ్చారట. «మా ఆయన వెతికారు గానీ తేలేదు, అందుకని లెక్కలోకి రాలేదా?» అని ఆయన భార్య అడిగారు. ‘వెతికి తెచ్చినవాళ్ళు’ అని రాసిన నా ఒక్క మాట వల్ల వచ్చింది అది. మర్నాడు ఉదయం ఆ ఇంటికి నేనే వెళ్ళి కాఫీ తాగి వచ్చాను.

విడిగా రాసినవాటి సంగతి కూడా చెప్పాలి. పద్నాలుగు మందిలో అయిదుగురికి ఫోన్లోనే రాశాను. అందరికీ ఒకేసారి విడివిడిగా వెళుతుందని మొదట బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టి ఒక పలకరింపు పంపి చూశాను. నా నంబరు తమ ఫోన్లో దాచుకోనివాళ్ళకు అది చేరదని అప్పుడు తెలిసింది. నేను నిరుడే నంబరు మార్చాను, ఇద్దరికి అసలు అందనే లేదు. మిగతా తొమ్మిది మందికి చేత్తో రాసి పోస్టులో వేశాను. అయిదు రూపాయల కవర్లు తొమ్మిది, నలభై అయిదు రూపాయలు. దగ్గర ఊళ్ళకు మూడు రోజులు, హైదరాబాదుకు అయిదు రోజులు పట్టింది. చేతి ఉత్తరంలో ఎవరిని ‘నువ్వు’ అనాలి, ఎవరిని ‘మీరు’ అనాలి అన్నది సమస్యే కాలేదు. కలం పట్టుకోగానే నోటితో ఎలా పిలుస్తానో అలాగే వచ్చింది. చదువురాని మేనత్తకు మాత్రం గొంతు రికార్డు చేసి పంపాను. ఆవిడ మనవరాలు చెప్పిన ప్రకారం అది మూడుసార్లు పెట్టించుకుని విని, నాకు జలుబు చేసిందేమో కనుక్కోమందట.

మా అక్క మాత్రం 28 రాత్రి ఫోన్ చేయలేదు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాటాక చేసింది. పండుగకు రేపు పొద్దున్న మొదటి బస్సుకే వస్తున్నానని, పెసలు నానబెట్టమని చెప్పింది. సందేశం చదివావా అని నేనే అడిగాను.

«చదివాన్లే. అయిపోయింది రెండో బంతిలో కాదురా, మూడో బంతిలో. రెండో బంతిలో నేను నాలుగు తిన్నాను» అంది.